మ్యాప్ మీద కదిలే బండి

ఆర్డర్ పెట్టినవాళ్ల ఫోన్‌లో, మ్యాప్ మీద చిన్న బండి బొమ్మ ఒకటి రోడ్డు వెంట జరుగుతూ వస్తుంది. అది జరగాలంటే డెలివరీ పార్టనర్ ఫోన్ రెండు పనులు చేయాలి. తానెక్కడున్నదీ ముందు తాను తెలుసుకోవాలి. తెలుసుకున్నది కంపెనీ సర్వర్‌కు చెప్పాలి. మొదటిది జీపీఎస్ చిప్ పని, రెండోది మొబైల్ నెట్‌వర్క్‌తో మాట్లాడే రేడియో పని. రెండూ బ్యాటరీ తాగేవే. ఉదయం పదకొండుకు లాగిన్ అయి రాత్రి తొమ్మిదింటి దాకా తిరిగే మనిషికి సాయంత్రం ఆరింటికే ఫోన్ చచ్చిపోతే ఆ పూట ఆర్డర్లు పోయినట్టే. అందుకే చాలామంది ట్యాంక్ బ్యాగులో పవర్ బ్యాంక్ పెట్టుకుని, హ్యాండిల్ దాకా ఒక వైరు లాక్కుని తిరుగుతుంటారు. ఆ వైరు అవసరాన్ని ఎంత తగ్గించవచ్చన్నది యాప్ రాసేవాళ్ల చేతిలో ఉంటుంది.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అక్కడి నుంచి నేల మీదకు చేరేసరికి సిగ్నల్ ఎంతో బలహీనపడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల సిగ్నల్ పట్టుకుని, ఒక్కొక్కటి ఎంత ఆలస్యంగా వచ్చిందో కొలిచి, ఫోన్ తన చోటును లెక్క కడుతుంది. దీనికి ఆ ఉపగ్రహాలు ఆ క్షణాన ఎక్కడున్నాయో కూడా తెలియాలి. ఆ వివరం వాటి సిగ్నల్‌లోనే ఉంటుంది. కానీ అది సెకనుకు 50 బిట్ల వేగంతో, ముప్పై సెకన్లకోసారి మళ్లీ మొదటి నుంచి వస్తుంది. ఎప్పటి నుంచో జీపీఎస్ వాడని ఫోన్‌కు, నెట్ సాయం కూడా లేకపోతే, మొదటిసారి చోటు దొరకడానికి అరనిమిషం పైనే పట్టేది ఇందుకే. ఒకసారి ఆ వివరం చేతికందాక అది గంటల తరబడి పనికొస్తుంది. మధ్యలో పది పదిహేను నిమిషాలు చిప్‌ను నిద్రపుచ్చి లేపినా కొన్ని సెకన్లలో మళ్లీ దారిలో పడుతుంది. మధ్యమధ్య జీపీఎస్ ఆపేసే యాప్‌లన్నీ ఈ వెసులుబాటు మీదే బతుకుతున్నాయి.

రేడియో సంగతి వేరు. చాలామంది బ్యాటరీ నేరమంతా జీపీఎస్ మీదకే తోస్తారు గానీ, రేడియో వాటా దానికి తీసిపోదు. ఫోన్ ఒక చిన్న కబురు పంపాలన్నా ముందు టవర్‌తో లంకె కలుపుకోవాలి. కబురు వెళ్లడానికి సెకనులో చిన్న ముక్క చాలు. అయితే పంపిన వెంటనే ఆ లంకె తెగదు. ఇంకేమైనా వస్తుందేమోనని, నెట్‌వర్క్‌ను బట్టి కొన్ని సెకన్ల నుంచి పది పన్నెండు సెకన్ల దాకా, రేడియో మెలకువగానే ఉంటుంది. సవారీ దిగిపోయాక కూడా ఇంజిన్ ఆపని ఆటో లాంటిదిది. ఐదు సెకన్లకోసారి వంద బైట్లు పంపే యాప్ పంపేది పిసరంతే, కానీ రేడియోను రోజంతా నిద్రపోనివ్వదు. అవే వంద బైట్లను మూడేసి చొప్పున మూటగట్టి పదిహేను సెకన్లకోసారి పంపితే, మూటకూ మూటకూ మధ్య దానికి కునుకు దొరుకుతుంది. కనుక ఎన్ని బైట్లు పంపారన్నదాని కన్నా, ఎన్నిసార్లు తలుపు తీశారన్నదే బ్యాటరీ లెక్కలో పెద్దది.

ఒక ఆర్డర్‌ను మొదటి నుంచి చివరి దాకా చూస్తే ఈ రెండు ఖర్చులనూ ఎక్కడ కోయవచ్చో తెలుస్తుంది. హైదరాబాద్ మెహదీపట్నంలోని ఒక హోటల్ నుంచి అత్తాపూర్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌కు బిర్యానీ వెళ్లాలి అనుకుందాం. ఈ దారికొక ప్రత్యేకత ఉంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే రోడ్డు నెత్తిన సాగుతుంది. దాని కింద స్తంభాలకు నంబర్లున్నాయి. ఆ చుట్టుపక్కల వాళ్లు అడ్రస్ చెప్పేటప్పుడు వీధి పేరు కన్నా ముందు పిల్లర్ నంబరే చెబుతారు. లొకేషన్ యాప్‌లకు మాత్రం ఈ స్తంభాలూ, వాటి మీది కాంక్రీటు కప్పూ పెద్ద తలనొప్పి. ఆ ముచ్చట తర్వాత వస్తుంది.

ఆర్డర్ రాకముందు పార్టనర్ టీకొట్టు దగ్గర బండి స్టాండ్ వేసుకుని కూర్చుని ఉంటాడు. అప్పుడు కంపెనీకి కావలసింది అతను మెహదీపట్నంలో ఉన్నాడా, టోలీచౌకిలో ఉన్నాడా అన్నంత మాత్రమే. టవర్ల సిగ్నల్, చుట్టుపక్కల వైఫైల జాడ చూసి ఫోన్ వంద మీటర్ల అటూఇటూగా చోటు చెప్పగలదు, జీపీఎస్‌ను ముట్టుకోనక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో ఇందుకు `PRIORITY_BALANCED_POWER_ACCURACY` అనే స్థాయి ఉంది. ఫోన్ కదిలిందో లేదో కనిపెట్టే యాక్సిలరోమీటర్ చాలా తక్కువ కరెంటుతో పనిచేస్తుంది. అది కదలిక లేదని చెప్పినంతసేపూ మళ్లీ మళ్లీ చోటు అడగడం దండగ.

ఆర్డర్ ఒప్పుకుని హోటల్‌కు బయల్దేరితే జీపీఎస్ లేవాలి. ఐదు నిమిషాల ప్రయాణం, పదిహేను సెకన్లకోసారి కబురు, మొత్తం ఇరవై కబుర్లు. హోటల్ దగ్గర వంద మీటర్ల గీత ముందే గీసి ఉంటుంది. ఫోన్ ఆ గీత దాటి లోపలికొచ్చి కదలకుండా ఉంటే చేరినట్టు లెక్క. అక్కడి నుంచి అసలైన పొదుపు మొదలవుతుంది. బిర్యానీ ఇంకా దమ్ములోనే ఉంటుంది. పన్నెండు నిమిషాలు కౌంటర్ దగ్గర నిలబడాలి. ఈ పన్నెండు నిమిషాలూ జీపీఎస్ ఆపేయవచ్చు. నిమిషానికోసారి ‘ఇక్కడే ఉన్నా’ అన్న ఒక్క ముక్క చాలు. ఇలా ఆపకపోతే ఇంకో నష్టం కూడా ఉంది. కదలకుండా నిలబడ్డ ఫోన్‌కు జీపీఎస్ ప్రతిసారీ కొద్దిగా వేరే చోటు చెబుతుంది. దాంతో హోటల్ ముందు బండి బొమ్మ గిరగిరా తిరుగుతున్నట్టు కనిపించి, అవతల ఆకలితో చూస్తున్నవాళ్లకు ‘వీడు ఊరంతా తిరుగుతున్నాడేమిటి’ అనిపిస్తుంది. అంటే అక్కడ జీపీఎస్ ఆపితే బ్యాటరీ మిగలడమే కాదు, మ్యాప్ కూడా నిజానికి దగ్గరవుతుంది.

పార్సిల్ బ్యాగులో పెట్టుకుని రోడ్డెక్కాక పద్నాలుగు నిమిషాలు. ఇక్కడ ఐదు సెకన్లకోసారి చోటు చూసి, మూడింటిని కలిపి పదిహేను సెకన్లకోసారి పంపితే సరిపోతుంది. ఆండ్రాయిడ్ యాప్‌లో ఈ కోరిక ఇలా ఉంటుంది:

```kotlin
val request = LocationRequest.Builder(
        Priority.PRIORITY_HIGH_ACCURACY, 5_000L)
    .setMinUpdateDistanceMeters(20f)
    .setMaxUpdateDelayMillis(15_000L)
    .build()
```

మొదటి వరుస ‘కచ్చితమైన చోటు కావాలి, ఐదు సెకన్లకోసారి’ అంటుంది. చివరిది ‘పదిహేను సెకన్ల దాకా కూడబెట్టి ఒకేసారి ఇవ్వవచ్చు’ అంటుంది. ఫోన్ చిప్‌లో ఆ సదుపాయం ఉంటే చోట్లు చిప్‌లోనే పోగుపడతాయి, ప్రధాన ప్రాసెసర్ ప్రతిసారీ లేవనక్కర్లేదు. నడిమి వరుసలోని ఇరవై మీటర్ల షరతు దగ్గరే కొత్తగా రాసేవాళ్లు పొరబడుతుంటారు. ఇరవై మీటర్లు కదిలితేనే చెప్పమన్నాం కదా, అప్పటిదాకా జీపీఎస్ పడుకుంటుందిలే అనుకుంటారు. కానీ ఇరవై మీటర్లు కదిలిందో లేదో తెలియాలన్నా చోటు చూడాల్సిందేగా. దూరం షరతు కబుర్లను తగ్గిస్తుంది. చిప్ పనిని తగ్గించేది ప్రధానంగా సెకన్ల అంకెే.

అత్తాపూర్‌లో ఇల్లు మరో మూడు వందల మీటర్లుందనగా యాప్ పద్ధతి మార్చాలి. మెట్లు దిగడం, గేటు దగ్గరకు రావడం అన్నీ ఈ రెండు నిమిషాల్లోనే తేలతాయి. పదిహేను సెకన్ల పాత కబురు ఇక్కడ చాలదు. మూడు సెకన్లకోసారి, కూడబెట్టకుండా పంపాలి: నలభై కబుర్లు. ఆర్డర్ మొత్తంలో రేడియో ఆగకుండా మేల్కొని ఉండేది ఈ రెండు నిమిషాలే.

ఇప్పుడు కూడికలు. హోటల్ దాకా 20, హోటల్ దగ్గర 12, రోడ్డు మీద 56, చివర 40: ముప్పై మూడు నిమిషాలకు 128 కబుర్లు. ఇవేమీ ఆలోచించని యాప్ సెకనుకొకటి చొప్పున 1,980 పంపేది. మామూలు వెబ్ పద్ధతిలో ఒక్కో కబురుకు తోకలూ తలలూ కలిపి 800 బైట్లు అనుకుంటే ఒక ఆర్డర్‌కు దాదాపు 1.6 ఎంబీ. రోజుకు ఇరవై ఆర్డర్లయితే 32 ఎంబీ. ఒకసారి తెరిచిన లంకెను తెరిచే ఉంచి, అందులోంచే చిన్న చిన్న కబుర్లు పంపే ఎంక్యూటీటీ, వెబ్‌సాకెట్ లాంటి పద్ధతుల్లో ఒక్కోటి 250 బైట్లకు కుదించవచ్చు. అప్పుడు ఆర్డర్‌కు 32 కేబీ, ఇరవై ఆర్డర్లకు 640 కేబీ. తేడా యాభై రెట్లు.

నిజం చెప్పాలంటే రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే ప్యాక్‌లో 32 ఎంబీ లెక్కలోకి వచ్చేది కాదు. పార్టనర్ దారి కోసం తెరిచే మ్యాప్, ఖాళీగా ఉన్నప్పుడు చూసే వీడియోలే అంతకన్నా ఎంతో ఎక్కువ లాగుతాయి. చిన్న కబురు అసలు విలువ నెట్ సరిగా లేని చోట తెలుస్తుంది. సెల్లార్‌లోని కిచెన్, సిగ్నల్ ఒక గీతకు పడిపోయిన సందు, సాయంత్రం రద్దీలో నిండిపోయిన టవర్: అలాంటి చోట పెద్ద కబురు సగంలో ఆగి మళ్లీ మొదటి నుంచి వెళ్లాలి, అంతసేపూ రేడియో పూర్తి బలంతో అరుస్తూనే ఉంటుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ వేడెక్కడానికి ఇదొక కారణం.

కబురును కుదించడంలో చిన్న గమ్మత్తుంది. ఫోన్ తన అక్షాంశాన్ని దశాంశ బిందువు తర్వాత పది పదిహేను అంకెలతో ఇస్తుంది. భూమి మీద ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు. కాబట్టి ఐదో అంకె దగ్గర తేడా అంటే 1.1 మీటరు. జీపీఎస్‌కే ఐదు పది మీటర్ల పొరపాటుండగా ఆరో అంకె తర్వాత మోసేదంతా ఉత్త బరువు. మెహదీపట్నం దగ్గర ఒక చోటు అక్షాంశం 17.39512 అనుకుంటే, దాన్ని 1739512 అనే పూర్ణాంకంగా పంపవచ్చు. ఐదు సెకన్ల తర్వాతి చోటు 17.39475. దాన్ని మొత్తం మళ్లీ పంపడమెందుకు? -37 అని తేడా పంపితే చాలు. ఆ 37 అంటే దాదాపు 41 మీటర్లు. గంటకు ముప్పై కిలోమీటర్ల బండి ఐదు సెకన్లలో పోయే దూరం అంతే. రేఖాంశానిదీ ఇదే పద్ధతి. మూడు చోట్ల మూటలో మొదటిది పూర్తిగా, మిగతా రెండూ తేడాలుగా, ప్రతిదానితో పాటు అది ఏ క్షణానిదన్న గడియారపు లెక్క కూడా వెళతాయి. ఈ గడియారం మరిచిపోతే కష్టం. నెట్ పోయి నిమిషం తర్వాత ఒక్కసారిగా చేరిన పాత చోట్లు కొత్తవాటి తర్వాత వచ్చి, బండిని వెనక్కి పరిగెత్తిస్తాయి.

పదిహేను సెకన్లకోసారే కబురొస్తుంటే ఆర్డర్ పెట్టినవాళ్ల ఫోన్‌లో బండి అంత నున్నగా ఎలా జరుగుతుంది? అది చాలావరకు అక్కడ గీసిన బొమ్మ. వచ్చిన చోట్లను ఆ ఫోన్ వెంటనే చూపించేయదు. ఒక మూట వెనకబడి, గత పదిహేను సెకన్ల ప్రయాణాన్ని ఇప్పుడు నెమ్మదిగా ఆడిస్తుంది. రెండు చోట్ల మధ్య గీత గీసి, ఆ గీత మీద బండిని తోస్తుంది. తెర మీద బండి కనిపించే చోటుకూ, అది నిజంగా ఉన్న చోటుకూ మధ్య నూటపాతిక మీటర్ల తేడా ఉండవచ్చు. దారి మధ్యలో ఆ తేడా ఎవరికీ పట్టదు. పట్టేది గేటు దగ్గరే, అక్కడ ఎలాగూ మూడు సెకన్ల పద్ధతి నడుస్తుంటుంది. కబురు రావడం ఆగిపోతే పాత వేగాన్ని బట్టి బండిని మరికొన్ని సెకన్లు ముందుకు జరపవచ్చు. అంతకు మించి జరిపితే అబద్ధమవుతుంది. ఆపేసి, బొమ్మను బూడిద రంగులోకి మార్చి, ‘నిమిషం క్రితం’ అని రాయడం మర్యాద.

ఇంకొక పొదుపు ఇక్కడే ఉంది. ఆర్డర్ పెట్టినవాళ్లలో అంతసేపూ మ్యాప్ తెరిచి చూసేవాళ్లు ఎందరు? ఒకసారి చూసి ఫోన్ పక్కన పెట్టేస్తారు. ఎవరూ చూడని బొమ్మ కోసం పార్టనర్ ఫోన్ చెమటోడ్చడం అన్యాయం. అవతల మ్యాప్ తెరిచినప్పుడు సర్వర్‌కు ఎలాగూ తెలుస్తుంది. అది పార్టనర్ ఫోన్‌కు ‘చూస్తున్నారు, కాస్త త్వరత్వరగా పంపు’ అనీ, మూయగానే ‘చాలు, అరనిమిషానికోసారి పంపు’ అనీ చెప్పగలదు. రాసేటప్పుడు కొంత శ్రమ ఎక్కువైనా, మిగతా కిటుకులన్నిటి కన్నా ఇది ఎక్కువ మిగిల్చే సందర్భాలున్నాయి.

ఇక ఎక్స్‌ప్రెస్ వే కింది సంగతి. బండి పిల్లర్ల మధ్య రోడ్డు మీద పోతున్నప్పుడు ఆకాశంలో పెద్ద భాగాన్ని పైనున్న కాంక్రీటు కప్పేస్తుంది. కొన్ని ఉపగ్రహాల సిగ్నల్ నేరుగా రాక, పక్క భవనాల గోడలకు తగిలి వస్తుంది. దారి పొడవైనందున ఆలస్యం పెరుగుతుంది, ఫోన్ లెక్క పక్కకు పోతుంది. బండి ఉన్నట్టుండి పక్క కాలనీలోకి దూకుతుంది, వెంటనే రోడ్డెక్కుతుంది. అత్తాపూర్ ముందు మూసీ దాటేటప్పుడు ఏటి మధ్యలో తేలినా ఆశ్చర్యపడనక్కర్లేదు.

ఇలాంటి తప్పులను పట్టడానికి మొదటి ఆధారం ఫోనే ఇస్తుంది. ప్రతి చోటుతో పాటు ‘ఇన్ని మీటర్ల అటూఇటూ’ అన్న అంచనా కూడా వస్తుంది. అది యాభై మీటర్లు దాటితే ఆ చోటును మ్యాప్ మీదకు తేకపోవడమే మంచిది. రెండో ఆధారం వేగం. ఐదు సెకన్ల తేడాతో వచ్చిన రెండు చోట్ల మధ్య 210 మీటర్లుంటే, బండి గంటకు 151 కిలోమీటర్ల వేగంతో పోయినట్టు. మెహదీపట్నం రోడ్డు మీద అది కుదిరే పని కాదు, ఆ చోటును పక్కన పెట్టాలి. కానీ వరసగా మూడు చోట్లు అక్కడే చూపిస్తే తప్పు వాటిది కాదు, అంతకుముందు నమ్మినదానిదే. పక్కన పెట్టడమే తెలిసి మళ్లీ నమ్మడం తెలియని యాప్‌లో బండి ఒకచోట అతుక్కుపోయి, ఎంతసేపటికీ కదలదు.

చోటును దగ్గర్లోని రోడ్డు మీదకు లాగి కూర్చోబెట్టడం మూడో పని. ఇక్కడ పైనా కిందా రెండు రోడ్లున్నాయి, మ్యాప్‌లో రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. జీపీఎస్ చెప్పే ఎత్తు, చెప్పిన చోటు కన్నా ఎక్కువ తప్పుగా ఉంటుంది కనుక దాన్ని నమ్మి పైనో కిందో తేల్చలేం. అయితే ఎక్స్‌ప్రెస్ వే మీదకు టూవీలర్లను రానివ్వరు. పార్టనర్‌ది బైక్ అని యాప్‌కు తెలుసు. ఆ ఒక్క సంగతి వాడుకుంటే బండి కిందే ఉందని తేలిపోతుంది. వాడుకోని యాప్ బండిని పైకెక్కించి, ‘నాలుగు నిమిషాల్లో వస్తాడు’ అని చెప్పి, దిగే ర్యాంప్ దాకా తీసుకుపోయి మళ్లీ వెనక్కి తెస్తుంది.

ఇంత చేసినా యాప్‌ను ఫోనే చంపేయవచ్చు. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి, వెనక నడిచే యాప్‌లకు గంటకు కొన్నిసార్లు మాత్రమే చోటు అందుతుంది. అందుకే డెలివరీ యాప్‌లు ‘ఫోర్‌గ్రౌండ్ సర్వీస్’ పద్ధతిలో నడుస్తాయి. పైన నోటిఫికేషన్ల వరుసలో కనిపించే ఆ ‘మీరు ఆన్‌లైన్‌లో ఉన్నారు’ అన్న గుర్తు దానిదే. అయినా కొన్ని కంపెనీల ఫోన్లలో బ్యాటరీ కాపాడే సొంత ఏర్పాట్లు ఉంటాయి, అవి తెర ఆరగానే యాప్ గొంతు పిసుకుతాయి. దీన్ని గుర్తుపట్టడం తేలికే. ఫోన్ జేబులో ఉన్నంతసేపూ బండి ఒకచోటే నిలిచిపోయి, తెర వెలిగించగానే కిలోమీటరు దూకితే జీపీఎస్‌ది తప్పు కాదు, నిద్రపుచ్చే సెట్టింగ్‌ది. ఆ యాప్‌కు బ్యాటరీ ఆంక్షలు తీసేస్తే సరిపోతుంది. పాపం, కస్టమర్ ఫోన్‌కు ‘ఎందుకు కదలడం లేదు’ అని జవాబు చెప్పుకునేది మాత్రం పార్టనర్.

ఏ మార్పు వల్ల ఎంత మిగిలిందో ఊహతో తేలదు, కొలవాలి. ఒకే మోడల్ ఫోన్లు రెండు, ఒకే సిమ్ కంపెనీవి, పూర్తిగా ఛార్జ్ చేసి, ఒకే బండి మీద ఒకే దారిలో తిప్పాలి. ఒకదానిలో పాత యాప్, ఒకదానిలో కొత్తది. బయల్దేరే ముందు పాత లెక్కలు చెరిపేయడానికి, తిరిగొచ్చాక చూడడానికి రెండు ఆజ్ఞలు చాలు:

```
adb shell dumpsys batterystats --reset
adb shell dumpsys batterystats
```

జీపీఎస్ ఎంతసేపు మెలకువగా ఉంది, మొబైల్ రేడియో ఎంతసేపు లేచి ఉంది, తెర ఎంతసేపు వెలిగింది, యాప్ ఎన్నిసార్లు ప్రాసెసర్‌ను లేపింది అన్నవి అందులో విడివిడిగా కనిపిస్తాయి. మొదటిసారి చూసినవాళ్లను చాలాసార్లు తెర వరుసే కంగుతినిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో పూర్తి వెలుగుతో, దారి చూపిస్తూ, హ్యాండిల్ స్టాండ్‌లో ఉన్న తెర జీపీఎస్ కన్నా ఎక్కువ తింటుంది. మలుపు వచ్చినప్పుడు చెవిలో చెప్పి, మిగతా సమయం తెరను చీకటిగా ఉంచే యాప్, సెకన్ల అంకెల్ని ఎంత సవరించినా రానంత ఛార్జింగ్‌ను మిగల్చగలదు.

అత్తాపూర్ గేటు దగ్గర ఓటీపీ చెప్పి పార్సిల్ అందుకోగానే సర్వర్ ఆ ఆర్డర్ లంకెను మూసేస్తుంది. అక్కడి నుంచి పార్టనర్ ఎటు పోయాడన్నది ఆ ఇంటివాళ్లకు కనిపించకూడదు, కనిపించదు. అతని ఫోన్ కూడా మూడు సెకన్ల పరుగు మాని, మళ్లీ టవర్లను చూసి చోటు చెప్పే పాత పద్ధతిలోకి దిగుతుంది, తర్వాతి ఆర్డర్ మోగేదాకా.